ఒక్క డాష్ చెరిగితే లెక్కే మారిపోతుంది

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం, బీఎస్సీ గణితం చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో పరీక్షలు దగ్గర పడేకొద్దీ లెక్కల ఫోటోలు ఎక్కువవుతాయి. నోటుపుస్తకంలో పేజీని ఫోన్‌తో తీసి, కింద "సార్, ఇది ఎలా చెయ్యాలి?" అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. అలా వచ్చేవాటిలో సెకండ్ ఆర్డర్ అవకల సమీకరణాలు తరచూ ఉంటాయి. వీటిని సాధించే పద్ధతి నిజానికి చాలా సులువు. పదో తరగతి వర్గ సమీకరణం, ఇంటర్‌లో నేర్చుకున్న సంకీర్ణ సంఖ్యలు, కాస్త అవకలనం వస్తే సరిపోతుంది. అయినా జవాబులు తప్పుతుంటాయి. పద్ధతి తెలియక తప్పేవి కొన్నయితే, ఫోటోలో ఉన్నదాన్ని సరిగ్గా చదవక తప్పేవి మరికొన్ని. రెండో రకం తప్పు మరీ ప్రమాదకరం. అందులో చేసిన ప్రతి మెట్టూ సరిగ్గానే ఉంటుంది, జవాబు మాత్రం వేరే లెక్కది.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. గీతల నోటుపుస్తకం, నీలం సిరా. ఫోటో తీస్తున్న చేతి నీడ పేజీకి కుడివైపు పడింది. వెనక పేజీలో రాసింది లీలగా ఇటు కనిపిస్తోంది. పేజీ మధ్యలో రెండు వరుసలున్నాయి.

y'' + 4y' + 13y = 0

y(0) = 2, y'(0) = −1

క్లాసులో y' ని "వై డాష్" అని, y'' ని "వై డబుల్ డాష్" అని చదువుతారు. y అనేది x మీద ఆధారపడి మారే రాశి. y' దాని మార్పు రేటు, y'' ఆ మార్పు రేటుకు మళ్లీ మార్పు రేటు. y పక్కన ఉన్న 4, 13 మారని అంకెలు. సమీకరణంలో ఎక్కడా y వర్గం గానీ, y ని y' తో గుణించడం గానీ లేదు. అందుకే దీన్ని స్థిర గుణకాలున్న సెకండ్ ఆర్డర్ లీనియర్ సమీకరణం అంటారు. ఇంత పెద్ద పేరులోని ప్రతి మాటా ఒక షరతే. అందులో స్థిర గుణకాలు, లీనియర్ అన్న రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా కింద చెప్పబోయే పద్ధతి పనిచేయదు.

ఇక ఫోటో సంగతి. ఈ సమీకరణం అర్థమంతా మూడు చిన్న గీతల మీద నిలబడి ఉంది. y'' మీద రెండు, y' మీద ఒకటి. నోటుపుస్తకంలో ఆ డాష్ మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉంటుంది. రాసేటప్పుడు అది తరచూ పేజీ మీది అడ్డగీతకు తగులుతుంది. పై వరుసలో y ఉంటే దాని తోక కిందికి దిగి, కింది అక్షరం నెత్తిన డాష్ లాగే కనిపిస్తుంది. వెనక పేజీ సిరా మరక కూడా అలాగే మోసం చేస్తుంది. పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో సైజు తగ్గి వెళ్తుంది. అక్షరాలు బాగానే నిలుస్తాయి గానీ, ఇలాంటి సన్న గీతలు చుట్టూ ఉన్న కాగితం రంగులో కలిసిపోతాయి.

మన ఉదాహరణలో 4y' మీది డాష్ నీడలో పడి కనిపించలేదనుకుందాం. చదివినవారికి y'' + 4y + 13y = 0 అని కనిపిస్తుంది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. 4y, 13y రెండూ y పదాలే. లెక్క ఇచ్చేవారెవరైనా వాటిని కలిపి 17y అని రాస్తారు తప్ప విడివిడిగా ఉంచరు. ఒకే రకం పదం రెండుసార్లు కనిపించిందంటే, వాటిలో ఒకదాని మీద ఏదో చెరిగిపోయిందనే అర్థం. వరుస క్రమం కూడా సాయం చేస్తుంది. ఇలాంటి సమీకరణాలను దాదాపు ఎప్పుడూ y'', y', y అనే క్రమంలోనే రాస్తారు. కాబట్టి మధ్యలో ఉన్నది y' అయి ఉండాలి.

రెండో వరుసలో ఇంకా గట్టి ఆధారం ఉంది. అక్కడ కూడా డాష్ చెరిగిపోతే y(0) = 2, y(0) = −1 అని కనిపిస్తుంది. x సున్నా అయినప్పుడు y ఒకేసారి 2, −1 రెండూ కాలేదు. ఒక ప్రమేయానికి ఒక చోట ఒకే విలువ ఉంటుంది. అంటే రెండోది తప్పనిసరిగా y'(0) కావాలి. మొదటి ఆధారం అలవాటును బట్టి వచ్చింది, రెండోది తర్కాన్ని బట్టి వచ్చింది. ఫోటో ఎంత మసకగా ఉన్నా, తర్కం నుంచి వచ్చిన ఆధారాన్ని పూర్తిగా నమ్మవచ్చు.

మన దగ్గర పాఠ్యపుస్తకాల్లో ఇదే సమీకరణం (D² + 4D + 13)y = 0 అని కూడా కనిపిస్తుంది. D అంటే అవకలనం చేయమని చెప్పే గుర్తు. ఫోటోకి ఈ రాత చాలా మేలు. డాష్ చెరగొచ్చు గానీ D అంత తేలిగ్గా చెరగదు. d²y/dx² అని రాసే పద్ధతిలో మాత్రం 2 ఎక్కడుందో కళ్లు పెట్టి చూడాలి. పైన d పక్కన 2 ఉంటే అది రెండో అవకలజం. మొత్తం dy/dx కి బ్రాకెట్ వేసి బయట 2 ఉంటే అది మొదటి అవకలజానికి వర్గం. అప్పుడు సమీకరణం లీనియర్ కాదు, ఈ పద్ధతికి లొంగదు.

సమీకరణం సరిగ్గా ఎక్కించుకున్నాక అసలు పని మొదలవుతుంది. ఎలాంటి y ని తీసుకుంటే y'', 4y', 13y మూడూ కలిసి ప్రతి x దగ్గరా సున్నా అవుతాయి? మూడూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాలంటే, అవకలనం చేసినా రూపం మారని ప్రమేయం కావాలి. e^(mx) సరిగ్గా అలాంటిది. దాన్ని అవకలనం చేస్తే m ఒకటి బయటికి వస్తుంది, ప్రమేయం మాత్రం అలాగే ఉంటుంది. ఇంకోసారి చేస్తే మరో m బయటికి వస్తుంది. అంటే y = e^(mx) అనుకుంటే y' అంటే m·e^(mx), y'' అంటే m²·e^(mx). వీటిని సమీకరణంలో పెడితే ఇలా వస్తుంది.

(m² + 4m + 13)·e^(mx) = 0

e^(mx) ఎప్పటికీ సున్నా కాదు. కాబట్టి బ్రాకెట్‌లో ఉన్నదే సున్నా కావాలి.

m² + 4m + 13 = 0

ఇదే లాక్షణిక సమీకరణం. మన కాలేజీల్లో దీన్ని ఆక్సిలరీ ఈక్వేషన్ అంటారు. జరిగిందేమిటో గమనించండి. రెండు డాష్‌లున్న చోట m², ఒక డాష్ ఉన్న చోట m, డాష్ లేని చోట ఒట్టి అంకె వచ్చింది. కలన గణితం లెక్క కాస్తా పదో తరగతి బీజగణితంలోకి దిగింది. ఫోటోలో డాష్ ఎందుకంత ముఖ్యమో ఇక్కడే తేలుతుంది. ఒక డాష్ పోతే ఒక m పోతుంది, దాంతో వర్గ సమీకరణమే వేరేదైపోతుంది.

ఈ ఉపాయం లెయొనార్డ్ ఆయిలర్‌ది. ఆయన సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఉండగా 1739 సెప్టెంబరులో తన గురువు యోహాన్ బెర్నూలీకి రాసిన ఉత్తరంలో ఈ సంగతి ప్రస్తావించారు. స్థిర గుణకాలున్న సమీకరణాలకు పూర్తి పద్ధతి 1743లో అచ్చయింది. రెండో ఆర్డర్‌కే కాదు, ఎన్నో ఆర్డర్‌కైనా అదే దారి. ఎన్ని డాష్‌లుంటే m కి అంత ఘాతం వేసుకుంటూ పోవడమే. ఇప్పుడు మన విద్యార్థులు పరీక్షలో రాసేది దాదాపు మూడు శతాబ్దాల నాటి ఆ పద్ధతినే.

వర్గ సమీకరణానికి విచక్షణి చూద్దాం. 4² − 4×13 అంటే 16 − 52, అంటే −36. రుణ సంఖ్య వచ్చింది కాబట్టి మూలాలు సంకీర్ణ సంఖ్యలు. సూత్రం ప్రకారం m = (−4 ± 6i)/2. ఇక్కడ పిల్లలు ఎక్కువగా తడబడేది కింద ఉన్న 2 తో భాగించే దగ్గర. −4 ని భాగించి −2 చేస్తారు, 6i ని మరచిపోతారు. జవాబు −2 ± 6i అని వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. రెండు మూలాల మొత్తం −4 కావాలి, లబ్ధం 13 కావాలి. −2 ± 6i కి లబ్ధం 4 + 36, అంటే 40. 13 రాలేదు కాబట్టి తప్పు దొరికిపోయింది. సరైన మూలాలు −2 ± 3i. వీటి లబ్ధం 4 + 9, సరిగ్గా 13. పది సెకన్లు కూడా పట్టని ఈ పరీక్ష చేయకుండా ముందుకు వెళ్లకూడదు.

ఇప్పుడు మన చేతిలో e^((−2+3i)x), e^((−2−3i)x) అనే రెండు సాధనలున్నాయి. లెక్కలో ఇచ్చినవన్నీ వాస్తవ సంఖ్యలైనప్పుడు జవాబులో i ఎక్కడి నుంచి వచ్చిందని చాలామందికి అనుమానం కలుగుతుంది. ఆ i చివరికి పోతుంది. ఆయిలర్ 1748లో అచ్చయిన తన గ్రంథంలో చూపిన సంబంధం ప్రకారం e^(3ix) అంటే cos 3x + i sin 3x. రెండు సాధనలనూ కూడి సగం చేస్తే i ఉన్న భాగాలు కొట్టుకుపోయి e^(−2x) cos 3x మిగులుతుంది. తీసివేసి 2i తో భాగిస్తే e^(−2x) sin 3x వస్తుంది. సమీకరణం లీనియర్ కాబట్టి సాధనలను ఇలా కూడినా, తీసివేసినా, స్థిరాంకంతో గుణించినా వచ్చేది కూడా సాధనే. అందుకని సాధారణ సాధన ఇలా ఉంటుంది.

y = e^(−2x) (C₁ cos 3x + C₂ sin 3x)

మూలంలో i లేని భాగం −2 ఘాతంలోకి వెళ్లింది. i పక్కనున్న 3 సైన్, కొసైన్‌ల లోపలికి వెళ్లింది. ఈ రెండూ తారుమారు చేసి e^(3x) cos 2x అని రాసేవారు కూడా ఉంటారు. ఏది ఎక్కడికి ఎందుకు వెళ్తుందో పై మెట్టు ఒక్కసారి చేతితో చేసి చూస్తే మళ్లీ తారుమారు కాదు.

C₁, C₂ విలువలు చెప్పేవి తొలి షరతులు. సెకండ్ ఆర్డర్ కాబట్టి తెలియని స్థిరాంకాలు రెండు, అందుకే షరతులూ రెండు ఇచ్చారు. ఫోటోలో ఒక్క షరతే కనిపిస్తే రెండోది ఫ్రేము బయట ఉండిపోయిందేమో అడగాలి. x = 0 పెడితే e^0 ఒకటి, cos 0 ఒకటి, sin 0 సున్నా. కాబట్టి C₁ = 2. రెండో షరతుకి ముందు y ని అవకలనం చేయాలి. ఇక్కడ మరో గుంత ఉంది. y లో e^(−2x) ఒకటి, బ్రాకెట్ ఒకటి, రెండు ప్రమేయాల లబ్ధం ఉంది కాబట్టి లబ్ధ సూత్రం వాడాలి. e^(−2x) ని వదిలేసి బ్రాకెట్‌ను మాత్రమే అవకలనం చేసినవారికి 3C₂ = −1 వస్తుంది. సరిగ్గా చేస్తే y'(0) = −2C₁ + 3C₂. ఇది −1 కి సమానం. C₁ = 2 అని ముందే తెలుసు కాబట్టి −4 + 3C₂ = −1, అంటే C₂ = 1.

y = e^(−2x) (2 cos 3x + sin 3x)

జవాబు వచ్చేసింది. దీన్ని మళ్లీ సమీకరణంలో పెట్టి చూడాలి. ఒకసారి అవకలనం చేస్తే y' = e^(−2x) (−cos 3x − 8 sin 3x) వస్తుంది. ఇంకోసారి చేస్తే y'' = e^(−2x) (−22 cos 3x + 19 sin 3x). ఇక cos 3x పక్కన ఉన్నవి కూడండి. y'' నుంచి −22, 4y' నుంచి −4, 13y నుంచి 26. మొత్తం సున్నా. sin 3x పక్కన 19, −32, 13. అదీ సున్నా. x ఎంతయినా ఎడమవైపు సున్నాయే వస్తుంది. తొలి షరతులు కూడా సరిపోయాయి. x = 0 దగ్గర y రెండు, y' మైనస్ ఒకటి.

ఇంతకీ ఈ సమీకరణం దేని గురించి చెబుతోంది? x స్థానంలో కాలం t ని సెకన్లలో పెట్టుకుంటే ఒక స్ప్రింగు కథ కనిపిస్తుంది. ఒక కిలో బరువును స్ప్రింగుకు కట్టారు. y అనేది ఆ బరువు తన విశ్రాంతి స్థానం నుంచి ఎంత దూరంలో ఉందో చెబుతుంది. 13y స్ప్రింగు వెనక్కి లాగే బలం నుంచి వచ్చింది. 4y' వేగాన్ని అడ్డుకునే డ్యాంపర్ నుంచి వచ్చింది, మోటార్ సైకిల్ షాక్ అబ్జార్బర్‌లో నూనె చేసే పని అదే. బరువును 2 సెంటీమీటర్లు పక్కకు లాగి, సెకనుకు 1 సెంటీమీటరు వేగంతో లోపలి వైపు వదిలారు. తొలి షరతులు చెప్పేది ఇదే.

మన జవాబు ప్రకారం అది 0.68 సెకన్ల దగ్గర విశ్రాంతి స్థానాన్ని దాటి అవతలికి వెళ్తుంది. మళ్లీ వెనక్కి తిరుగుతుంది. ఒక పూర్తి ఊపుకు 2π/3, అంటే సుమారు 2.09 సెకన్లు పడుతుంది. అప్పటికి 2 సెంటీమీటర్ల దూరం 0.3 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. అంటే ఒక్క ఊపుతో కదలిక దాదాపు ఆగిపోయినట్టే. మూలంలోని −2 ఈ ఆగడాన్ని, 3 ఈ ఊగడాన్ని చెబుతున్నాయి.

ఇప్పుడు ఫోటోలో 4y' మీది డాష్ చెరిగిపోయిన లెక్కను ఇదే స్ప్రింగు మీద చూడండి. y'' + 17y = 0 కి ఆక్సిలరీ ఈక్వేషన్ m² + 17 = 0. మూలాల్లో i లేని భాగమే లేదు. అంటే ఆగడం లేదు. ఆ బరువు సుమారు 1.52 సెకన్లకొకసారి, రెండు సెంటీమీటర్ల చొప్పున అటూ ఇటూ ఎప్పటికీ ఊగుతూనే ఉంటుంది. డ్యాంపర్‌ను ఎవరో ఊడదీసి, దాని బలాన్ని స్ప్రింగుకు కలిపినట్టయింది. ప్లస్‌లోని నిలువు గీత చెరిగి మైనస్ అయితే మరీ ఘోరం. y'' − 4y' + 13y = 0 కి మూలాలు 2 ± 3i. ఊగడం అంతే ఉంటుంది గానీ −2 పోయి +2 వస్తుంది. ఒక పూర్తి ఊపు అయ్యేసరికి 2 సెంటీమీటర్ల దూరం 132 సెంటీమీటర్లు అవుతుంది. 0.3 మిల్లీమీటర్లు ఎక్కడ, మీటరుకు పైగా ఎక్కడ! మధ్యలో తేడా చేసింది కాగితం మీద ఒక చిన్న నిలువు గీత.

ఈ రెండు తప్పులనూ కాస్త శ్రద్ధ పెడితే పట్టుకోవచ్చు. మొదటిదాన్ని ఒకే రకం పదాలు రెండున్నాయన్న ఆధారంతో పట్టుకున్నాం. రెండోది, ఇది డ్యాంపర్ ఉన్న స్ప్రింగు లెక్క అని ప్రశ్నలో ఉంటే పట్టుబడుతుంది. అడ్డుకునే బలం కదలికను పెంచదు. అయితే ఏ ఆధారానికీ దొరకని తప్పు ఒకటుంది.

13 లో 1 సన్నగా, నిటారుగా రాసే అంకె. ముందున్న ప్లస్‌కు ఆనుకుని ఉండి, దానిమీద నీడ పడితే అది ప్లస్‌లోనే కలిసిపోయి y'' + 4y' + 3y = 0 అని కనిపిస్తుంది. ఇది కూడా పుస్తకంలో ఉండదగిన లెక్కే. పదాలు మూడూ సక్రమంగా ఉన్నాయి. m² + 4m + 3 = 0 కారణాంకాలుగా విడిపోయి −1, −3 అనే చక్కటి మూలాలనిస్తుంది. "లెక్క ఇచ్చేవారు మూలాలు చక్కగా వచ్చేలా ఇస్తారు, కాబట్టి చక్కగా వస్తే సరిగ్గా చదివినట్టే" అని నమ్మే విద్యార్థి ఇక్కడ పూర్తిగా మోసపోతాడు. సాధన y = C₁e^(−x) + C₂e^(−3x). తొలి షరతులు పెడితే C₁ = 5/2, C₂ = −1/2. భిన్నాలు వచ్చాయి కదా, ఏదో తేడా ఉందనిపించవచ్చు. కానీ భిన్నాలు రావడం తప్పుకు రుజువు కాదు, సరైన లెక్కల్లోనూ వస్తాయి.

స్ప్రింగు మాత్రం పూర్తిగా వేరుగా ప్రవర్తిస్తుంది. ఈ లెక్కలో బరువు విశ్రాంతి స్థానాన్ని ఒక్కసారి కూడా దాటదు. మెల్లగా దగ్గరికి వస్తూ, 2.09 సెకన్లప్పుడు ఇంకా 3 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అసలు లెక్కలో అదే సమయానికి ఉన్నదానికి ఇది పదింతలు.

ఈ జవాబును y'' + 4y' + 3y లో పెట్టి సరిచూస్తే ఏమవుతుంది? సరిగ్గా సున్నా వస్తుంది. తొలి షరతులు కూడా సరిపోతాయి. ఎందుకంటే సరిచూసుకున్నది తాను ఎక్కించుకున్న సమీకరణంతోనే కదా. తిరిగి పెట్టి చూడడం అనే పరీక్ష సాధనలోని తప్పును పట్టుకుంటుంది, చదవడంలోని తప్పును పట్టుకోలేదు. ఈ తేడాను క్లాసుల్లో గట్టిగా చెప్పడం చాలా అవసరం. సరిచూసేటప్పుడు జవాబును తన నోట్సులోని వరుసలో కాకుండా, మళ్లీ ఫోటో తెరిచి, దాన్ని పెద్దది చేసి, అందులోని వరుసలో పెట్టాలి. అక్కడ అంకె మసకగా ఉంటే పంపినవారిని అడగడం తప్ప గణితంలో వేరే దారి లేదు.

4 అలాగే ఉండి చివరి అంకె మారుతూ పోతే ఏమవుతుందో చూడడం కూడా ఇక్కడ ఉపయోగం. ఆ అంకె 4 కన్నా తక్కువైతే మూలాలు రెండు వేర్వేరు వాస్తవ సంఖ్యలు, బరువు ఊగకుండా మెల్లగా ఆగుతుంది. 4 కన్నా ఎక్కువైతే సంకీర్ణ మూలాలు, ఊగుతూ ఆగుతుంది. సరిగ్గా 4 అయితే మూలం −2 ఒక్కటే రెండుసార్లు వస్తుంది. అప్పుడు e^(−2x) ఒక్కటే దొరుకుతుంది, రెండో సాధన కావాలి. దాన్ని x తో గుణించిన x·e^(−2x) రెండో సాధన అవుతుంది. పెట్టి చూస్తే సరిపోతుంది. మొత్తం సాధన (C₁ + C₂x)e^(−2x). ఇక్కడ x మరచిపోయి C₁e^(−2x) + C₂e^(−2x) అని రాస్తే, అవి రెండూ కలిసి ఒకే స్థిరాంకం అయిపోతాయి. రెండు షరతులకు సరిపోవు. లెక్క మధ్యలో ఆగిపోయిందంటే కారణం ఇదేనేమో చూడాలి.

ఫోటోలో చివరగా చూడాల్సింది కుడివైపు అంచు. సమానం గుర్తు తర్వాత సున్నా ఉందా, లేక వేరే ఏదైనా ఉండి ఫ్రేములోకి రాలేదా? అక్కడ e^x గానీ sin 2x గానీ ఉంటే పైన చేసిందంతా సగం పనే. దానికి ఒక ప్రత్యేక సాధన కూడా కనుక్కుని కలపాలి. పిల్లలు దాన్ని పర్టిక్యులర్ ఇంటిగ్రల్ అంటారు. అలాంటప్పుడు C₁, C₂ విలువలు ప్రత్యేక సాధన కలిపిన తర్వాతే కట్టాలి. ముందే కడితే తప్పుతాయి. ఎడమ అంచు కూడా అంతే ముఖ్యం. y'' కి ముందు x² ఉండి అది కోతలో పోయిందంటే గుణకం స్థిరం కాదు. అప్పుడు e^(mx) పెట్టినా x లు రద్దు కావు, వర్గ సమీకరణం రాదు. దానికి వేరే దారి ఉంది.

కాబట్టి లెక్క ఫోటో పంపే విద్యార్థులకు ఒక మనవి. పేజీని కిటికీ వెలుతురులో, చేతి నీడ పడకుండా, నాలుగు అంచులూ కనిపించేలా తీయండి. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే సైజు తగ్గకుండా ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఫోటో కింద సమీకరణాన్ని y'' + 4y' + 13y = 0, y(0) = 2, y'(0) = −1 అని ఒక్క వరుస టైపు చేయండి. దానికి పట్టేది అర నిమిషం. అవతల చదివేవారు ఆ వరుసను ఫోటోతో పోల్చి చూసుకుంటారు, మీరు అడిగిన లెక్కకే మీకు జవాబు వస్తుంది.